బూడిద రంగులో నాలుగు గీతలు

ఒంగోలు నుంచి చెన్నైకి వచ్చి 9 ఏళ్లయింది. తరమణి దగ్గర ఒక ప్రయోగశాలలో నీటి శుద్ధి మీద పనిచేస్తున్నాను. మా దగ్గర పీహెచ్‌డీ చేసే తెలుగు పిల్లలు థీసిస్ సమర్పించే ముందు బొమ్మలను ఒకసారి నాకు చూపించడం అలవాటుగా మారింది. ఈసారి వచ్చినవాడు కనిగిరి కుర్రాడు సుధీర్. ఫ్లోరైడ్ నీళ్ల మధ్య పెరిగి ఆ ఫ్లోరైడ్‌ను తీసే పొడి మీదనే పరిశోధన చేసినవాడు కనుక, అతని థీసిస్‌లోని ముఖ్యమైన గ్రాఫు ఎవరికీ తప్పుగా అర్థం కాకూడదన్న పట్టుదల అతనికెంత ఉందో నాకూ అంతే ఉంది.

ఆ గ్రాఫులో నాలుగు గీతలున్నాయి. లీటరుకు 5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీటిలో పొడి కలిపితే, పీహెచ్ 5, 6, 7, 8 వద్ద కాలం గడిచేకొద్దీ ఎంత ఫ్లోరైడ్ మిగిలిందో అవి చెబుతాయి. అడ్డంగా మరొక గీత లీటరుకు 1.5 మిల్లీగ్రాముల దగ్గర ఉంది. వేరే నీటి వనరు లేనప్పుడు తాగునీటికి మన భారతీయ ప్రమాణం అనుమతించే పరిమితి అది. పీహెచ్ 5 గీత ఆ పరిమితి కిందికి త్వరగా దిగుతుంది, పీహెచ్ 8 గీత దిగనే దిగదు. థీసిస్‌లోని ఒక అధ్యాయం మొత్తం ఈ తేడా మీదనే నిలబడి ఉంది.

లాప్‌టాప్‌లో చూస్తే బొమ్మ శుభ్రంగా ఉంది. "కలర్‌లో ఎన్ని కాపీలు వేయిస్తావు?" అని అడిగాను. "రెండే అక్కా. మిగతావన్నీ బ్లాక్ అండ్ వైటే" అన్నాడు. పైగా పరీక్షకులు పీడీఎఫ్‌ను తమ ఆఫీసు ప్రింటర్‌లో ఎలా తీసుకుంటారో మన చేతిలో లేదు. నా వైవాలో ఒక పరీక్షకుడు నలుపు తెలుపు కాపీ పట్టుకొని, నా గ్రాఫులోని రెండు గీతలను తారుమారుగా చదివి, నా ముగింపే తప్పన్నారు. తప్పు ఆయనది కాదని, నా బొమ్మదేనని నాకు అర్థమయ్యేసరికి పావుగంట పట్టింది. అప్పటి నుంచి రంగుల సంగతి చూడకుండా ఏ బొమ్మనూ నేను పంపనివ్వను.

ముందుగా థీసిస్ మొత్తాన్ని నలుపు తెలుపులోకి మార్చి చూపించాను. దీనికి ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక్క ఆదేశం చాలు.

```
gs -o gray.pdf -sDEVICE=pdfwrite \
   -sColorConversionStrategy=Gray \
   -dProcessColorModel=/DeviceGray thesis.pdf
```

తెర మీద నాలుగు గీతలకు బదులు రెండు రకాల గీతలే కనిపించాయి. ఒకటి లేత బూడిద, మిగతా మూడూ ముదురు బూడిద. సుధీర్ రంగులను స్వయంగా ఎంచుకోలేదు, గ్రాఫులు గీసే పైథాన్ లైబ్రరీ మ్యాట్‌ప్లాట్‌లిబ్ వరుసగా ఇచ్చేవాటినే ఉంచేశాడు. పీహెచ్ 5కు నీలం, 6కు నారింజ, 7కు ఆకుపచ్చ, 8కి ఎరుపు వచ్చాయి. ఒక రంగు నలుపు తెలుపులో ఎంత లేతగా కనిపిస్తుందో చెప్పడానికి విరివిగా వాడే లెక్క `0.299R + 0.587G + 0.114B`. R, G, B అంటే ఆ రంగులోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు. ఫలితం సున్నా అంటే పూర్తి నలుపు, 255 అంటే తెలుపు. ఈ లెక్క ప్రకారం ఆ నీలం 100, నారింజ 152, ఆకుపచ్చ 112, ఎరుపు 91. కంటికి పూర్తిగా వేరుగా తోచే నీలానికీ ఎరుపుకూ మధ్య ఇక్కడ ఉన్న దూరం తొమ్మిదే. అంటే, నాలుగింటిలో అన్నిటికన్నా బాగా పనిచేసిన పీహెచ్ 5, అన్నిటికన్నా పేలవంగా పనిచేసిన పీహెచ్ 8, కాగితం మీద ఒకే బూడిద రంగులో ఉంటాయి. పక్కనున్న సూచిక పెట్టెలో ఏ పేరు ఏ గీతదో పోల్చుకునే దారి పాఠకుడికి ఉండదు.

"అయితే వర్ణాంధత ఉన్నవాళ్ల కోసం చేసిన రంగులు వాడతాను" అన్నాడు సుధీర్. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఒకాబే, ఇటో అనే ఇద్దరు జపాన్ శాస్త్రవేత్తలు రూపొందించిన రంగుల వరుస నాకు చాలా ఇష్టం. ఎరుపు ఆకుపచ్చలను వేరుచేయలేని కళ్లకు అది మేలు చేస్తుంది. అయితే అందులోని నారింజ `#E69F00`కు ఇదే లెక్క వేస్తే 162, లేత నీలం `#56B4E9`కు వేస్తే 158 వస్తుంది. ఈ రెండింటినీ పక్కపక్కన వాడితే వర్ణాంధత ఉన్నవారు వేరుచేయగలరు, బ్లాక్ అండ్ వైట్ ప్రింటర్ వేరుచేయలేదు. రంగుల తేడా వేరు, వెలుతురు తేడా వేరు. కాగితానికి కావలసింది రెండోది.

సుధీర్ గ్రాఫులో పీహెచ్ ఒక వరుసలో పెరిగే విలువ కనుక రంగులు కూడా ముదురు నుంచి లేతకు వరుసగా నడిస్తే సహజంగా ఉంటుందని అనుకున్నాం. విరిడిస్ అనే రంగుపట్టీ సరిగ్గా ఇందుకే తయారైంది. దాని పొడవునా వెలుతురు ఒకే దిశలో పెరుగుతూ పోతుంది. అందులో 0, 0.25, 0.5, 0.75 దగ్గర నాలుగు రంగులు తీసుకుంటే వాటి బూడిద విలువలు 30, 82, 111, 157 అవుతాయి. చివరనున్న పసుపును కావాలనే వదిలేశాం. అది 215 దాకా పోతుంది, తెల్ల కాగితం మీద సన్నని గీతగా గీస్తే కనిపించదు. మధ్యలోని రెండింటికీ తేడా కేవలం 29 కనుక రంగును మాత్రమే నమ్ముకోకుండా నాలుగు గీతల మీదా వేర్వేరు గుర్తులు పెట్టించాను: వృత్తం, చతురస్రం, త్రిభుజం, వజ్రం. సూచిక పెట్టెను తీసేసి, ప్రతి గీత కుడి కొసన దాని పీహెచ్‌ను రాయించాను. గీతలు చివర్లో ఒకదానికొకటి దూరంగా ఉన్నప్పుడు ఇంతకు మించిన పద్ధతి లేదని నా అభిప్రాయం, ఎందుకంటే పాఠకుడు రంగును గుర్తుపెట్టుకొని పెట్టెకూ గీతకూ మధ్య తిరగనవసరం లేదు.

తర్వాత అక్షరాల పరిమాణం. బొమ్మలో అక్షరాలు 10 పాయింట్లు పెట్టానని సుధీర్ ధీమాగా చెప్పాడు. కానీ ఆ బొమ్మను అతను సెమినార్ స్లైడ్ కోసం 12 అంగుళాల వెడల్పుతో గీశాడు. ఏ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు. బైండింగ్ కోసం ఎడమవైపు ఒకటిన్నర అంగుళం, కుడివైపు ఒక అంగుళం వదిలితే అచ్చుకు మిగిలేది దాదాపు 5.8 అంగుళాలు. బొమ్మ సగానికన్నా కొంచెం ఎక్కువే కుంచించుకుపోయింది, దాంతోపాటు 10 పాయింట్ల అక్షరం 4.8కి వచ్చింది. పక్కనున్న వ్యాసం 12 పాయింట్లలో ఉంటే అక్షం మీది అంకెలు మందు సీసా మీది అక్షరాల్లా ఉన్నాయి. అచ్చులో 8 పాయింట్లకు తగ్గనివ్వకూడదని నేను పెట్టుకున్న నియమం.

అక్షరాలను పెంచుకుంటూ పోవడం దీనికి మందు కాదు. మొదటి నుంచే బొమ్మను కాగితం మీద ఉండబోయే కొలతలోనే గీయాలి.

```python
fig, ax = plt.subplots(figsize=(5.8, 3.8),
                       layout="constrained")
```

ఇలా గీసి, థీసిస్‌ను కూర్చే లేటెక్‌లో వెడల్పు మార్చకుండా పెట్టేస్తే 9 పాయింట్లు 9గానే ఉంటాయి. సుధీర్ భద్రపరిచేటప్పుడు `bbox_inches="tight"` అని కూడా వాడుతున్నాడు. అది అంచుల్లోని ఖాళీని కత్తిరించి బొమ్మ కొలతనే మార్చేస్తుంది. ఆపైన వెడల్పు సరిపెట్టమని లేటెక్‌కు చెబితే ఒక్కో బొమ్మ ఒక్కో నిష్పత్తిలో సాగి, ఒకే అధ్యాయంలో అక్షరాలు రకరకాల పరిమాణాల్లో తేలతాయి. దాన్ని తీయించాను.

అక్షాల పేర్ల దగ్గర ఎక్కువసేపు పట్టలేదు. నిలువు అక్షం మీద `C`, అడ్డం మీద `t` అని మాత్రమే ఉన్నాయి. వాటిని `Residual fluoride (mg/L)`, `Contact time (min)` అని మార్పించాను. వ్యాసంలో అతను పీపీఎం అని రాస్తూ వచ్చాడు కనుక అక్కడ కూడా `mg/L` అని మార్చుకోమన్నాను.

ఇంతా అయ్యాక ఆ ఒక్క పేజీని పట్టుకొని వేళచ్చేరిలోని జిరాక్స్ షాపుకు వెళ్లాం. తెర మీద బాగుంది కదా, ఇంక ప్రింట్ ఎందుకని సుధీర్ అడిగాడు. నలుపు తెలుపు లేజర్ ప్రింటర్‌లో ఉండేది నల్లపొడి ఒక్కటే, దానికి బూడిద రంగు తెలియదు. బూడిదను నల్ల చుక్కల కూర్పుగా వేసి కంటిని నమ్మిస్తుంది. మందమైన పట్టీలో ఆ చుక్కలు కలిసిపోతాయి. సన్నని గీతలో కలిసిపోవడానికి చోటుండదు. ఈ తేడా తెర మీద ఎప్పటికీ కనిపించదు.

అక్కడ జరిగింది అదే. పేజీ బయటికి రాగానే అన్నిటికన్నా లేతదైన పీహెచ్ 8 గీత తెగి తెగి, చుక్కల గీతలా కనిపించింది. పరిమితి గీతను మేము చుక్కలతోనే గీశాం. ఇప్పుడు కాగితం మీద రెండు చుక్కల గీతలు! లాప్‌టాప్ అక్కడే తెరిచి, పీహెచ్ 8 గీత మందాన్ని ఒక పాయింటు నుంచి రెండుకు పెంచాం. పరిమితి గీతను పూర్తి నలుపులో, పొడవైన ముక్కల గీతగా మార్చి, దాని మీదనే 1.5 అని రాశాం. పూర్తి నలుపుకు చుక్కల కూర్పు అవసరం లేదు కనుక అది ఎంత సన్నగా ఉన్నా అంచులు కోసినట్టు వస్తుంది.

రెండో ప్రతిని షాపాయనకు చూపించి, ఈ ముక్కల గీతకు కిందికి దిగనిది ఏదని నాకొచ్చిన తమిళంలో అడిగాను. ఆయన పేజీని ట్యూబ్‌లైటు కింద పట్టుకొని, ఒక్క క్షణం చూసి, "ఇదు దాన్, ఎట్టు" అంటూ పీహెచ్ 8 మీద వేలు పెట్టాడు. ఆయనకు పీహెచ్ అంటే ఏమిటో తెలియనక్కర్లేదు. బూడిదను తమిళంలో సాంబల్ అంటారు, ఆ రంగును వాళ్లూ మనలాగే బూడిద పేరుతోనే పిలుస్తారు. ఆయన కూడా "సాంబల్ కలర్ ఇప్పో నల్లా వందిరుక్కు" అని, ఇప్పుడు బాగా వచ్చిందని మెచ్చుకున్నాడు.

తిరిగి వస్తుండగా సుధీర్ మరో బొమ్మ తెరిచాడు. అది కనిగిరి చుట్టుపక్కల బావుల్లోని ఫ్లోరైడ్‌ను చూపే పటం, జెట్ అనే పాత రంగుపట్టీలో ఉంది. ముదురు నీలంతో మొదలై, ఆకుపచ్చ పసుపుల మీదుగా ముదురు ఎరుపు దాకా పోయే పట్టీ అది. మధ్యలో లేతగా ఉండి రెండు కొసలా చీకటిగా ఉంటుంది. నలుపు తెలుపులోకి మార్చి చూస్తే, ఫ్లోరైడ్ అతి తక్కువగా ఉన్న బావీ, అతి ఎక్కువగా ఉన్న వాళ్ల ఊరి బావీ రెండూ ఒకేలా నల్లగా ఉన్నాయి. సుధీర్ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ రాత్రే పటాన్ని విరిడిస్‌లో మళ్లీ గీసి, మరునాడు పొద్దున్నే నలుపు తెలుపు ప్రింట్ తీసి నా బల్ల మీద పెట్టాడు.