డోవెల్ అతుకు: ఏ ముఖం పైకి?

పరాయి దేశంలో జాయినరీ షాపులో చేరినవాళ్లకి మొదట ఎదురయ్యేది పని పంపకం. పలకలు ఒకరు చిత్రిక పడతారు, ఇంకొకరు గుర్తులు పెట్టి తొలుస్తారు, షిఫ్టు మారాక వేరే మనిషి వచ్చి జిగురు రాసి బిగిస్తాడు. ఆ ముగ్గురికీ ఒక భాష ఉండాలని లేదు. అందుకే పలక మీద పెట్టే పెన్సిల్ గుర్తు అందరూ చదవగలిగేదిగా ఉండాలి. రెండు పలకల కన్నాల్లోకీ దిగే డోవెల్ అనే గుండ్రటి చెక్క పుల్లలతో అంచుకి అంచు కలిపే డోవెల్ అతుకులో చాలా తప్పులు తొలిచే దగ్గర జరిగినట్టు కనిపిస్తాయి కానీ, నిజానికి గుర్తు దగ్గరే మొదలవుతాయి.

ఒక టేబుల్ టాప్ తీసుకుందాం. 20 మి.మీ. మందం, 140 మి.మీ. వెడల్పు, 900 మి.మీ. పొడవు ఉన్న మూడు పలకలు. అతుకులు రెండు. డోవెల్ సైజు పలక మందంలో మూడో వంతుకీ సగానికీ మధ్య ఉండాలి కాబట్టి 8 మి.మీ. సరిపోతుంది, పొడవు 40. ఒక్కో అతుకుకి అయిదు చాలు. ఇంకా ఎక్కువ పెడితే గట్టిగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. నార వెంబడి అంచుకి అంచు సరిగ్గా ఆనితే బలమంతా జిగురుదే. డోవెల్ చేసే పని, బిగించేటప్పుడు పలకలు పైకీ కిందికీ జారకుండా పట్టుకోవడం. కన్నాలు పెరిగేకొద్దీ ఎక్కడో ఒకటి కుదరకపోయే అవకాశం కూడా పెరుగుతుంది.

తొలిచే ముందు అంచుల సంగతి. డోవెల్ వంకర అంచుని సరిచేయదు. పొడిగా ఆనించి వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే సందు కనిపించకూడదు. పక్కపక్క పలకల్ని పుస్తకంలా మడిచి వైసులో కలిపి పట్టి రెండు అంచులూ ఒకేసారి చిత్రిక పడితే, మూలమట్టానికి కొద్దిగా తేడా ఉన్నా విప్పాక ఒకదాని తేడా ఇంకొకదానితో సరిపోతుంది.

ఇప్పుడు మూడు పలకలూ మంచి ముఖం పైకి ఉండేలా పరిచి, చివరలు సమానం చేసి, జారకుండా తేలిగ్గా క్లాంప్ వేయాలి. మూడింటి మీదా పడేలా ఒకే పెద్ద త్రిభుజం గీయాలి. ఏ పలక ఎక్కడిది, ఏ ముఖం పైది, ఏ చివర ఎటు అన్న మూడు సంగతులూ ఆ ఒక్క గుర్తే చెప్పేస్తుంది. తర్వాత ఒకే చివర నుంచి టేపు పట్టి 60, 255, 450, 645, 840 దగ్గర అతుకుకి అడ్డంగా గీతలు. గీత రెండు పలకల మీదుగా ఒకే ఊపులో పోవాలి. ఒక్కో పలకని విడిగా కొలిస్తే అర మి.మీ. తేడా ఎలాగూ వస్తుంది. ఒక డోవెల్ అయితే దాన్ని సర్దుకుపోవచ్చు, అయిదు ఉంటే పలకే దిగదు. ఆ గీతల్ని మూలమట్టంతో అంచు మీదికి దించాలి. మూలమట్టం ఎప్పుడూ త్రిభుజం ఉన్న ముఖానికే ఆనాలి. పెన్సిల్ మొద్దుబారితే చెక్కుకోండి.

పొడవులో స్థానాన్ని గీత చెబుతుంది. మందంలో మధ్యని, డ్రిల్ బిట్‌కి దారి చూపే జిగ్ అనే సాధనం చూసుకుంటుంది. పలకని రెండు దవడల మధ్య పట్టి తనంతట తాను మధ్యకి వచ్చే జిగ్‌ని కళ్లు మూసుకుని నమ్మకూడదు. ఒక తుక్కు ముక్కలో కన్నం వేసి, జిగ్‌ని తిప్పి మళ్లీ అదే గీత మీద పెట్టి బిట్ దించితే, పాత కన్నం గోడని ఒక పక్క గీరుతుందేమో చూడాలి. గీరితే జిగ్ మధ్యలో లేనట్టు. అంతమాత్రాన పారేయక్కర్లేదు. జిగ్‌కి ఒక పక్క పెయింట్ చుక్క పెట్టి, ఆ చుక్క ప్రతిసారీ త్రిభుజం ఉన్న ముఖం వైపే ఉండేలా పట్టుకుంటే, రెండు పలకల్లోనూ కన్నం అదే ముఖానికి అంతే దూరంలో పడుతుంది. తేడా 0.2 మి.మీ. ఉన్న జిగ్‌ని ఒక పలక మీద తిరగేసి పెట్టినా మెట్టు 0.4 వస్తుంది. అది వేలికి స్పష్టంగా తగులుతుంది.

ఈ జిగ్‌తో ఇంకో చిక్కు ఉంది. ఒక పలక 20, పక్కది 19.4 ఉంటే రెండింటి మధ్యలూ కలుస్తాయి, పై ముఖంలో 0.3, కింద 0.3 మెట్టు మిగులుతుంది. పలకల మందం ఒకేలా లేదని తెలిస్తే ముఖానికి ఆనే ఫెన్స్ ఉన్న జిగ్ వాడటమే మేలు. పైన సమంగా వస్తుంది, తేడా అంతా కిందికి పోతుంది.

లోతు ఒక్కో పలకలో 22 మి.మీ. రెండూ కలిపి 44, డోవెల్ 40, అంటే జిగురుకీ పొట్టుకీ కాస్త చోటు. జిగ్‌లో బిట్ దూరే బుష్ అనే గొట్టం ఎత్తు 30 అయితే, బిట్‌ని ఆ లోతు దగ్గర ఆపే స్టాప్ కాలర్‌ని బిట్ కోసే అంచు నుంచి 52 దగ్గర బిగించాలి. మధ్యలో ఉండే మొన నుంచి కొలవకూడదు. కాలర్ జారుతుంది కాబట్టి బిట్ మీద టేపు ముక్క కూడా చుడితే ఎప్పుడు జారిందో తెలుస్తుంది. తొలిచేటప్పుడు మధ్యలో ఒకటి రెండు సార్లు బిట్ పైకి తీసి పొట్టు వదిలించాలి. జిగ్ కింద పొట్టు ఇరుక్కుంటే జిగ్ వాలి కన్నం ఏటవాలుగా పోతుంది. చివరికి కన్నం మూతిని కౌంటర్‌సింక్‌తో కొద్దిగా తీయాలి. పైకి లేచిన నార మిగిలితే అదే అతుకుని ఆపేస్తుంది.

జిగురు లేకుండా ఒకసారి కలిపి చూడటం తప్పనిసరి. అసలు డోవెల్స్‌తో చూస్తే బిగుసుకుని బయటికి రావు. కొన్నిటిని కొద్దిగా సాండ్ చేసి సన్నం చేసి, అవి పరీక్షకే అని రంగు పూసి పక్కన పెట్టుకోవాలి. అతుకు పొడవునా ఒకే వైపు మెట్టు ఉంటే జిగ్ తిరగబడింది లేదా పలకల మందం వేరు. ఒక్క చోటే మెట్టు ఉంటే ఆ కన్నం వాలింది. పలక అసలు దిగకపోతే గీతలు కలవలేదు. దిగి, సన్నటి సందు మిగిలితే లోతు తక్కువ, లేదా అడుగున పొట్టు ఉంది. చెడిన కన్నాన్ని పెద్దది చేసి సర్దుకోవద్దు. దానిలో డోవెల్ పెట్టకుండా వదిలేసి, 25 మి.మీ. పక్కన రెండు పలకల్లోనూ కొత్తది వేయడమే తేలిక.

జిగురు పెట్టే రోజు చెమ్మగా ఉంటే డోవెల్స్ ఉబ్బి ఉంటాయి. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టుకోవాలి. కన్నం అడుగున జిగురు పోస్తే డోవెల్ పిస్టన్‌లా దాన్ని తోస్తుంది. జిగురుకి దారి లేకపోతే డోవెల్ దిగదు, గట్టిగా కొడితే పలక చీలుతుంది. అందుకే గాడులు ఉన్న డోవెల్సే వాడాలి, జిగురు సన్నటి బ్రష్‌తో కన్నం గోడకే రాయాలి. ముందు అయిదు డోవెల్స్ ఒక పలకలో దించి, తర్వాత అంచంతా పల్చగా పూసి కలపాలి. తెల్ల పీవీఏ జిగురు త్వరగా పొర కడుతుంది కాబట్టి క్లాంపులు ముందే తెరిచి సిద్ధంగా పెట్టుకోవాలి.

క్లాంపులు 250 నుంచి 300 మి.మీ.కి ఒకటి, ఒకటి పైన ఒకటి కింద. అన్నీ ఒకే వైపు పెడితే టాప్ గిన్నెలా వంగుతుంది. అతుకు పొడవునా చిన్న చిన్న జిగురు పూసలు వస్తే చాలు, ఆగాలి. ఇంకా తిప్పితే జిగురంతా బయటికి పోతుంది.

క్లాంపులు తీశాక వెంటనే చిత్రిక పట్టాలని ఆత్రపడతారు. జిగురులోని నీటికి అతుకు పక్కన చెక్క ఉబ్బి ఉంటుంది. అప్పుడు సమం చేస్తే, ఎండాక అక్కడ సన్నటి పల్లం పడుతుంది. పాలిష్ వేశాక ఏటవాలు వెలుతురులో అది బాగా కనిపిస్తుంది. కనీసం ఒక రోజు ఆగాలి. షిఫ్టు మారుతుంటే టాప్ మీద జిగురు పెట్టిన తేదీ, వేళ పెన్సిల్‌తో అంకెల్లో రాసిపెడితే తర్వాత వచ్చినవాడు తొందరపడడు.