ఏం లేదమ్మా, నువ్వు తిను

పొద్దుటి గొడవ సాయంత్రానికే సర్దుకుంది. నిద్ర పట్టకపోవడానికి కారణం అది కాదు. గొడవ మధ్యలో మా అమ్మ మా చిన్నదానితో అన్న మాటే ఇంకా చెవిలో తిరుగుతోంది. "ఏం లేదమ్మా, అమ్మా నాన్నా ఊరికే మాట్లాడుకుంటున్నారు. నువ్వు తిను."

ఊరికే మాట్లాడుకోవడమా! పక్క ఫ్లాట్ వాళ్ళ తలుపు తెరుచుకున్న చప్పుడు నాకే వినిపించింది. ఆరేళ్ళ పిల్లకి వినిపించదా?

గొడవ అమ్మ కంటి ఆపరేషన్ గురించే. శుక్లం ముదిరింది, ఇంక ఆలస్యం చేయొద్దన్నారు డాక్టరుగారు. ఆపరేషన్ అరగంట పని. ఆ తర్వాత కొన్ని వారాలపాటు రోజుకు ఇన్నిసార్లని చుక్కల మందు వేయాలి. మొదటి రోజుల్లో అమ్మ వంగకూడదు, కంట్లో నీళ్ళు పడకూడదు, పగలు ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి. ఆ ఒకరు ఎవరన్నదే పేచీ. నా ఆఫీసులో రిలీజ్ టెన్షన్. మా ఆవిడకి సెలవులు అయిపోయాయి. "చిన్నదానికి జ్వరం వచ్చినప్పుడల్లా సెలవు పెట్టింది నేనే, నువ్వు కాదు" అంది. "నీకేం, నీ ఆఫీసులో అడిగితే ఇస్తారు" అన్నాను. అక్కణ్ణించి ఇద్దరి గొంతులూ లేచాయి.

పెద్దాడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. చిన్నది దోసె మొత్తం తినేసింది. మా ఇంటి సంగతి తెలిసినవాళ్ళకి ఇదెంత వింతో తెలుస్తుంది. రోజూ అంచులు వదిలేసి, మధ్యలో ముక్క తిని, చట్నీ కారమని అరగంట సాగదీసే పిల్ల. తినేసి, ఎవరూ చెప్పకుండానే స్టూలు లాక్కుని ఎక్కి, సింకులో కంచం కడిగి బోర్లించింది. అమ్మ మురిసిపోయింది, "చూడు, ఎంత బుద్ధిమంతురాలో" అని. నాకు మాత్రం కడుపులో తిప్పింది. పిల్లలు ఏడిస్తే భయపడ్డారని మనకి తెలుస్తుంది. ఉన్నట్టుండి బుద్ధిగా మారిపోతే మాత్రం ముద్దు చేస్తాం. అదీ భయమే. ఇంట్లో ఇంకేదీ చెడకుండా తనే కాపు కాయాలన్న భయం.

అమ్మ మీద అంత కోపం ఎందుకొచ్చిందో రాత్రి పడుకున్నాక తెలిసింది. నా చిన్నప్పుడు నిడదవోలులో మా ఇంట్లో అరుపులు ఉండేవి కావు. మౌనం ఉండేది. ఒకసారి అమ్మ గాజుల విషయంలో (మామయ్య బోరుకి తాకట్టు పెట్టారు, అది వేరే కథ) ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి. ఉన్నది రెండు గదుల ఇల్లు. నాన్న వాలుకుర్చీలో, అమ్మ వంటగది గుమ్మంలో, మధ్యలో నేను. "అన్నం పెట్టమంటారేమో అడుగు." ఆయనకి వినపడుతూనే ఉంటుంది. అయినా నేను వెళ్ళి అడగాలి. "ఆకలి లేదని చెప్పు." ఆవిడకీ వినపడుతుంది. అయినా నేను వచ్చి చెప్పాలి.

కొన్నాళ్ళకి ఆ మాటలు మార్చి చెప్పడం నేర్చుకున్నాను. "మీ నాన్నకి ఇంట్లో మనుషులు కనపడరని చెప్పు" అని అమ్మ అంటే, "కాఫీ కావాలా అంటోంది" అని చెప్పేవాణ్ణి. ఆయన "వద్దు" అంటే "తర్వాత తాగుతారట" అని వచ్చేవాణ్ణి. ఎనిమిదేళ్ళవాడికి అంత చాకచక్యం ఎందుకు అవసరమైందో ఎవరూ ఆలోచించలేదు. ఏమైందని అడిగితే ఇద్దరిదీ ఒకే జవాబు. "ఏం లేదు, నువ్వు చదువుకో."

ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి ఇద్దరూ పెరట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తూ మాట్లాడుకుంటున్నారు. ఎలా కలిశారో ఎవరూ చెప్పలేదు. ఆరోజు నా చేతిలో లెక్కల పేపరు ఉంది, ఇరవై అయిదుకి ఇరవై నాలుగు మార్కులతో. ఇంకేముంది, నా లెక్క కుదిరిపోయింది. నాకు మార్కులొస్తే వాళ్ళు మాట్లాడుకుంటారు. తర్వాత చాలా ఏళ్ళు మార్కులు తగ్గినప్పుడల్లా ఇంటికెళ్ళడానికి కాళ్ళు వణికేవి. తిడతారని కాదు, మళ్ళీ మాటలు ఆగిపోతాయని. గొడవ మొదలు కళ్ళారా చూసి ముగింపు చూడని పిల్లవాడు, ఆ ముగింపు తనే అల్లుకుంటాడు. అల్లిన కథలో తననే పెట్టుకుంటాడు.

అందుకే పెళ్ళయిన కొత్తలో ఇద్దరం ఒక నియమం పెట్టుకున్నాం. పిల్లల ముందు గొడవ వద్దు, ఏదున్నా తలుపేసుకుని. అది సరైన నియమమనే ఇన్నాళ్ళూ నమ్మాను. ఇప్పుడు నమ్మకం సడలుతోంది. తలుపు ఎప్పుడూ గొడవ సగంలో ఉండగానే పడుతుంది కదా. అరుపులు హాల్లో, సర్దుబాటు గదిలో. పిల్లలకి అందేది మొదటి సగమే.

అమెరికాలో నోటర్ డామ్ యూనివర్సిటీలో పనిచేసిన మార్క్ కమింగ్స్ అనే సైకాలజిస్టు దీని మీద చాలా ఏళ్ళు పరిశోధన చేశారు. పెద్దవాళ్ళు కోపంగా వాదించుకుంటున్న వీడియోలు పిల్లలకి చూపించి, వాళ్ళకి ఏమనిపించిందో గమనించేవారు. తగాదా తేలకుండా మిగిలితే పిల్లలు బాగా కలవరపడ్డారు. కళ్ళెదుట సర్దుకుంటే కలవరం బాగా తగ్గింది. లోపలికెళ్ళి సర్దుకున్నారని తర్వాత తెలిసినా తగ్గింది. అరుపుల్లేని మూతి ముడుపులు కూడా పిల్లల్ని బాధిస్తాయని కూడా ఆయన పరిశోధనల్లోనే తేలింది. ఇది చదివినప్పుడు నాకు నిడదవోలు వాలుకుర్చీ గుర్తొచ్చింది.

సరే, ఇవాళ్టి సంగతి. నా గుండె దడదడలాడుతోంది, ఇంక ఏ మాట వచ్చినా చెడ్డ మాటే వస్తుందని తెలుస్తోంది. జాన్ గాట్‌మన్ అని దంపతుల మీద పనిచేసిన ఇంకో సైకాలజిస్టు చెప్పేది ఇదే. గుండె నిమిషానికి వందసార్లు దాటి కొట్టుకుంటున్నప్పుడు ఎదుటివాళ్ళ మాట బుర్రకెక్కదు, కనీసం ఇరవై నిమిషాలు ఆగాలి. ఆగడమంటే చెప్పి ఆగడం. చెప్పకుండా చెప్పులేసుకుని వెళ్ళిపోతే అది ఇంకో దెబ్బ. "అరగంటలో వస్తాను, అప్పుడు మాట్లాడదాం" అని చిన్నదానికి కూడా వినపడేలా చెప్పి కిందికి దిగాను. ఆ అరగంటలో నా వాదనకి పదును పెట్టుకోకుండా ఉండటమే అసలు కష్టం. పార్కింగులో బండి తుడిచాను.

పైకొచ్చేసరికి ఈవిడ డాబా మీద బట్టలు ఆరేస్తోంది. నేను సెలవుల లెక్క మొదలుపెట్టబోతే చెయ్యడ్డం పెట్టింది. "సెలవు సంగతి తర్వాత. అందరి ముందు 'నీకేం' అన్నావు. ముందు దాని గురించి మాట్లాడు." రైటే. గొడవలో రెండుంటాయి, దేని గురించి అన్నది ఒకటి, ఎలా అన్నామన్నది ఒకటి. రెండోది తేలకుండా మొదటిది తేలదు. "ఆ మాట అనకుండా ఉండాల్సింది" అన్నాను. "కానీ నువ్వు కూడా..." అని నోటిదాకా వచ్చింది, మింగాను. ఆ "కానీ" ఒక్కటి పడితే ముందన్నదంతా కొట్టుకుపోతుంది. తడి దుప్పటి ఆ చివర తను, ఈ చివర నేను పట్టుకుని పిండాం. కాసేపటికి తనే అంది, "జ్వరం మాట పిల్ల ముందు తేకుండా ఉండాల్సింది" అని. ఆ తర్వాత సెలవుల లెక్క పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆపరేషన్ రోజూ, తర్వాత రెండు రోజులూ నేను. ఆ వారం మిగతా రోజులు తను ఇంటి నుంచి పనిచేస్తుంది. తర్వాత పిన్ని వస్తానంది.

చిన్నదాని దగ్గరికి ఇద్దరం కలిసే వెళ్ళాం. ఒక్కరే వెళ్తే ఆ కథ ఒకరి వైపే ఉంటుంది. నేల మీద కూర్చుని, "పొద్దున మేం గట్టిగా అరుచుకున్నాం, నీకు భయమేసిందా?" అని అడిగాను. తల ఊపలేదు. బొమ్మ జుట్టు దువ్వుతూనే ఉంది. ఈవిడ అంది, "నాన్నమ్మ దగ్గర ఎవరుండాలో అని పోట్లాడుకున్నాం. ఇప్పుడు తేల్చుకున్నాం. అది మా పెద్దవాళ్ళ పని, నీ వల్ల వచ్చింది కాదు."

అప్పుడు అంది. "నాకింక జ్వరం రాదులే అమ్మా."

ఎంత వివరంగా వింది! "నీ వల్ల కాదు" అని ఊరికే అంటే సరిపోదని అప్పుడు తెలిసింది, ఏది తన వల్ల అనుకుందో దాన్ని పేరు పెట్టి కొట్టెయ్యాలి. "జ్వరం అందరికీ వస్తుంది. వస్తే మళ్ళీ సెలవు పెడతాను, నాకిష్టమయ్యే పెడతాను" అని ఈవిడ చెప్పింది. ఇద్దరికీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ ఆపుకున్నాం. మేం ఏడిస్తే ఓదార్చే పని కూడా తన మీదే పడుతుంది. క్షమించావా అని కూడా అడగలేదు. ఆ ప్రశ్నకి పిల్లలు ఇంకేం జవాబు చెప్తారు?

పెద్దాడితో ఇలా ఎదురుగా కూర్చుంటే కుదరదు, పదకొండేళ్ళు. బండి మీద పాలకి తీసుకెళ్ళాను. వెనక కూర్చుంటే మొహాలు చూసుకోనక్కర్లేదు. వాడు అడిగింది ఒక్కటే. "అయితే సెలవు ఎవరు పెడుతున్నారు?" లెక్క చెప్పాను. "ఓకే" అన్నాడు. వాడికి మా ముద్దు మాటలు అక్కర్లేదు, నిజంగా తేలిందా లేదా అన్నదే కావాలి. తేలకుండా తేలిందని చెప్తే ఆ వయసువాళ్ళు ఇట్టే పట్టేస్తారు.

ఇదంతా తేలిక గొడవ కాబట్టి రాస్తున్నాను. చెయ్యి లేచే ఇంట్లో, ఒకరంటే ఒకరికి భయం ఉన్న ఇంట్లో పిల్లల దగ్గర కూర్చుని నాలుగు మాటలు చెప్తే చాలదు. అక్కడ మహిళల హెల్ప్‌లైన్ 181కో, పిల్లల హెల్ప్‌లైన్ 1098కో ఫోన్ చేయాల్సిన సంగతి.

మళ్ళీ అమ్మ దగ్గరికి వస్తాను. పగలంతా కోపంగానే ఉన్నాను. అయితే ఇందాక రాయడం మొదలుపెట్టాక ఒకటి తట్టింది. గొడవ జరుగుతున్నంతసేపూ చిన్నది అమ్మ ఒళ్ళో ఆనుకునే ఉంది. అమ్మ చెయ్యి దాని వీపు మీదే ఉంది. గొంతు పెంచని మనిషి ఆ గదిలో ఆవిడ ఒక్కతే. ఆవిడ మాట అబద్ధమే, చెయ్యి మాత్రం కాదు. మా నిడదవోలు ఇంట్లో నాకు అలాంటి చెయ్యి లేదు.

ఇంకొకటి, రాత్రి భోజనాలప్పుడు అమ్మ "ఈ కన్ను ఇంకో ఏడాది పనిచేస్తుందిలేరా, ఇప్పుడు ఆపరేషన్ ఎందుకు" అంది. మేమిద్దరం సాంబారు గొడవలో పడి విననట్టే ఊరుకున్నాం. పిల్ల జ్వరం మానేస్తానంటే గుండె కరిగింది, తల్లి కన్ను మానేస్తానంటే చాదస్తం అనుకున్నాను. ఇద్దరూ అన్నది ఒకటే.

ఇందాక మంచినీళ్ళకి లేచినట్టు లేచి ఆవిడ గదిలోకి వెళ్ళాను. మెలకువగానే ఉంది. పొద్దున గొడవ ఎందుకొచ్చిందో, ఎలా తేలిందో, ఎవరు ఏ రోజు ఇంట్లో ఉంటారో మొత్తం చెప్పాను. "నీ వల్ల కాదమ్మా, సెలవులు సర్దుకోవడం మాకు చేతకాక" అన్నాను. "నాకు తెలీదేంట్రా, పడుకో" అంది. వెళ్ళబోతుంటే, "మొదటి రెండు రోజులూ నువ్వుంటావా?" అని మళ్ళీ అడిగింది. ఉంటానన్నాను. గురువారం కంటి కొలతలకి తీసుకెళ్తున్నాను. ఈలోగా పిల్లలతో "ఏం లేదు" అనొద్దని అడగాలి. ఆ మాట ఎలా ఎత్తాలో ఇంకా తెలియడం లేదు.