బెల్ట్ మార్చమన్నారు, తప్పు బెల్ట్‌ది కాదు

నా త్రీడీ ప్రింటర్‌లో బెడ్ మొత్తం ముందుకీ వెనక్కీ తిరుగుతుంది. వచ్చినప్పుడు యాక్సిలరేషన్ 500 మి.మీ./సె² మాత్రమే. చాలామంది స్పీడ్ ఒక్కటే పెంచి "తేడా ఏం లేదే" అంటారు. ఉండదు మరి. 500 దగ్గర సెకనుకి 150 మి.మీ. స్పీడ్ అందుకోవడానికి బెడ్‌కి 22 మి.మీ. పైనే కావాలి, ఆగడానికి మళ్లీ అంతే. 40 మి.మీ. గోడ మీద ఆ స్పీడ్ ఎప్పటికీ రాదు. 3000 పెడితే 4 మి.మీ. లోపే వచ్చేస్తుంది. అందుకే ముందు యాక్సిలరేషన్ మీద పడ్డాను. స్పీడ్ 110 దగ్గర ఆపేశాను, అంతకు మించితే నా హాటెండ్ ప్లాస్టిక్ కరిగించలేకపోతోంది.

3000 పెట్టగానే లేయర్లు జరగడం మొదలైంది. ఎప్పుడూ వై దిశలోనే, అంటే బెడ్ కదిలే దిశలోనే. సగం ప్రింట్ బాగా వచ్చి, అక్కడినుంచి పై భాగమంతా పక్కకి జరిగిపోయి ఉండేది.

ప్రింటర్ కొన్న షాపుకి ఆ ముక్క పట్టుకెళ్లాను. కౌంటర్ దగ్గర నలుగురు ఉన్నారు. షాపాయన ముక్క చేతిలోకి కూడా తీసుకోకుండా, "బెల్ట్ లూజ్ సార్. అయినా ఈ మెషిన్‌కి అంత స్పీడ్ ఎందుకు? కావాలంటే పెద్దది కొనుక్కోండి" అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. కొత్త బెల్ట్ అంటగట్టి పంపాడు. బిగించాను. మళ్లీ జరిగింది. ఫోన్ చేస్తే "ఇంకా టైట్ చేయండి సార్" అన్నాడు. ఇంకా బిగిస్తే మోటార్ మీద లోడ్ పెరిగి లేయర్లు ఇంకా తొందరగా జరగసాగాయి.

అప్పుడు చేయాల్సిన పని చేశాను: కాలిపర్‌తో కొలిచాను. ఒక ముక్కలో 1.6 మి.మీ., ఇంకోదాంట్లో 2.4. ఇక్కడే సంగతి దొరికింది. నా బెల్ట్ పళ్ల మధ్య దూరం 2 మి.మీ. పన్ను దాటితే 2, 4, 6 ఇలా జరగాలి. పుల్లీ స్క్రూ వదులైతే ఏ లెక్కకీ అందదు. మోటార్ పట్టు తప్పితే మాత్రం ఒకేసారి నాలుగు పూర్తి స్టెప్పులు పోతాయి. 20 పళ్ల పుల్లీ ఒక చుట్టుకి 40 మి.మీ. లాగుతుంది, చుట్టుకి 200 స్టెప్పులు, కాబట్టి నాలుగు స్టెప్పులంటే సరిగ్గా 0.8 మి.మీ. నా కొలతలు రెండూ 0.8 గుణిజాలే. బెల్ట్‌కి ఏ పాపమూ తెలియదు. ఇంత చిన్న లెక్క బెల్టులు అమ్ముకునేవాడికి తెలియదా? తెలిస్తే బెల్ట్ అమ్ముడుపోదు కదా!

నాజిల్ పైకి లేచిన ప్లాస్టిక్ అంచుకి తగిలినా మోటార్ ఇలాగే పట్టు తప్పుతుంది. అది తేల్చుకోవడానికి నాజిల్‌ని బాగా పైకి లేపి, ఫిలమెంట్ లేకుండా బెడ్‌ని మాత్రం పరుగెత్తించాను. ముందు హోమ్ చేసి, `Y10` దగ్గర బెడ్ అంచుకి ఎదురుగా ఫ్రేమ్ మీద పెన్సిల్ గీత పెట్టాలి. చాలాసేపు ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పి, మళ్లీ హోమ్ చేయకుండా `Y10`కి రప్పించి గీత చూడాలి. 2000 దగ్గర బెడ్ అంచు గీత దగ్గరే ఉంది. 3000 దగ్గర తప్పింది. అంటే నాజిల్ తగలకపోయినా మోటార్ ఓడిపోతోంది.

దోషి బెడ్ మీదున్న అద్దం. 235 మి.మీ. చదరం, 4 మి.మీ. మందం, లెక్కేస్తే 550 గ్రాముల దాకా ఉంటుంది. మోటార్ ఆ బరువుని ప్రతి మలుపులోనూ ఆపి వెనక్కి తిప్పాలి. అద్దం తీసేసి మాగ్నెట్ మీద పల్చటి స్టీల్ షీట్ వేశాను. అదే పరీక్షలో 3000 నిలబడింది, 4000 మళ్లీ తప్పింది. పైన ప్రింట్ బరువు కూడా చేరుతుంది కాబట్టి వైకి 2500 చాలనుకున్నాను. ఇప్పటిదాకా ఒక్క లేయర్ జరగలేదు.

ఇక మూలల పక్కన నీడల్లా వచ్చే అలలు. 100 స్పీడ్‌తో తీసిన ముక్క మీద 15 మి.మీ.లో ఆరు అలలు లెక్క తేలాయి: 100 × 6 ÷ 15, అంటే 40 హెర్ట్జ్. ఈ ఊపుని అణచే ఇన్‌పుట్ షేపింగ్‌ని ఫర్మ్‌వేర్‌లో ఆన్ చేసి కంపైల్ చేసుకుని (మార్లిన్ 2.1.2 నుంచి ఉంది) ఇవి పంపాను:

```
M201 X3000 Y2500
M593 Y F40
M500
```

స్లైసర్‌లో బయటి గోడకి మాత్రం 1500 ఉంచాను. లోపలి నింపుడు ఎవరికీ కనపడదు, దానికి 2500 ఇచ్చాను.

ఒక్క చిక్కు ఉంది. ప్రింట్ బరువెక్కేకొద్దీ బెడ్ ఊగే ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది, కాబట్టి కింద నున్నగా వచ్చిన పెద్ద వస్తువు పైన మళ్లీ అలలు చూపిస్తుంది. సన్నగా పొడుగ్గా ఉన్నవైతే వాటంతటవే ఊగుతాయి, వాటిని షేపింగ్ కూడా ఆపలేదు. అలాంటివాటికి 1000కి దించేసి తీస్తున్నాను.