ఆ పేరు బిళ్ల మా దగ్గర లేదే!

బెంగళూరులో ఉద్యోగం అంటే మా ఊళ్లో ఇప్పటికీ సాఫ్ట్‌వేరే. కాదు, ఆసుపత్రిలో ఫార్మసిస్టుని అంటే, "అంటే మెడికల్ షాపా?" అంటారు. ఈ పనికి చదివే ఫార్మ్ డీ కోర్సు మన దేశంలో మొదలైందే 2008లో, వాళ్ల తప్పేం లేదు. నేను మందులు అమ్మను. వార్డులో రోగి వాడే మందుల లెక్క చూస్తాను. చేరేటప్పుడు ఇంట్లో ఏం వాడుతున్నాడు, వార్డులో ఏం మార్చారు, ఇంటికెళ్లాక ఏం వేసుకోవాలి, ఈ మూడూ ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా లేదా. చెప్పడానికి ఇంతే.

మా వార్డులో డాక్టర్లది ఇంగ్లీషు, నర్సుల్లో సగం మందిది మలయాళం, ఆయాలది కన్నడ. రోగుల్లో మాత్రం అనంతపురం, హిందూపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చేవాళ్లు చాలామంది. అందుకే డిశ్చార్జి రోజు "తెలుగు సార్‌ని పిలవండి" అంటారు. ఆ పిలుపు వచ్చేసరికి ఎప్పుడూ సాయంత్రం నాలుగు దాటుతుంది. ఇన్సూరెన్స్ అప్రూవల్ కోసం పొద్దున్నుంచీ కూర్చుని ఉంటారు పాపం. బిల్లు కట్టేసరికి వాళ్ల మనసంతా మెజెస్టిక్‌లో బస్సు మీద ఉంటుంది. ఏం చెప్పినా తల ఊపుతారు.

మదనపల్లె దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దాయన డిశ్చార్జి రోజు నేను సెలవులో ఉన్నాను. అరవై ఆరేళ్లు, బీపీ, షుగర్. మూడు రోజులు విరేచనాలైనా మాత్రలు మాత్రం ఒక్క పూట మానకుండా వేసుకున్నాడట. చేరేసరికి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 3.4, పొటాషియం 5.8, రెండూ ఎక్కువే. ఒంట్లో నీరు తగ్గి కిడ్నీలకు రక్తం చాలనప్పుడు, టెల్మిసార్టన్ లాంటి బీపీ మందు వాటిలో వడపోత ఒత్తిడిని ఇంకా తగ్గిస్తుంది, పొటాషియాన్నీ పెంచుతుంది. కాబట్టి దాన్ని ఆపారు. కిడ్నీ దెబ్బతిన్నప్పుడు షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఒంట్లో పేరుకుంటుంది కాబట్టి అదీ ఆపి, వార్డులో ఇన్సులిన్ ఇచ్చారు. సెలైన్లతో కోలుకున్నాడు. ఇంటికెళ్లే రోజుకు క్రియాటినిన్ 1.8. బీపీ మళ్లీ పెరుగుతోందని ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు రాశారు, కిడ్నీకి దానితో ఇబ్బంది లేదు కాబట్టి. వైద్యం మొత్తం సరిగ్గానే జరిగింది.

తొమ్మిదో రోజు పొద్దున రివ్యూకి వచ్చారు. రెండు పాదాలూ వాచి చెప్పుల పట్టీల గుర్తులు పడ్డాయి. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. బీపీ 104/60. క్రియాటినిన్ 2.3, పొటాషియం 5.6, షుగర్ 290. కిడ్నీ మళ్లీ పాడవుతోంది, వాపు దానివల్లే అయి ఉంటుందని నీరు పోయే మాత్ర రాయబోయారు మా డాక్టర్. రాసే ముందు ఒకసారి మందులు చూడమని నన్ను పిలిచారు.

"పెద్దమ్మా, ఇంట్లో ఉన్న మందులన్నీ తెచ్చినారా?" అని ఆయన భార్యను అడిగాను. ఆమె చీరకొంగు సర్దుకుని, ముడివేసిన ప్లాస్టిక్ కవర్ ఒకటి నా బల్ల మీద బోర్లించింది. నా అభిప్రాయంలో ఫైలు కంటే ఆ కవరే నమ్మదగిన రికార్డు. ఫైల్లో మనం రాసింది ఉంటుంది, కవర్లో వాళ్లు మింగుతున్నది ఉంటుంది.

మా ఫార్మసీ ఇచ్చిన పది మాత్రల స్ట్రిప్పులో ఒక్కటే మిగిలింది. ఊళ్లో షాపులో కొన్న పదిహేను మాత్రల స్ట్రిప్పులో ఆరు మిగిలాయి. దాన్ని ఎప్పుడు తెచ్చారని అడిగితే, ఇంటికి చేరిన రాత్రే తెప్పించామంది. ఇందులో తొమ్మిది పోయాయి, అందులోనూ తొమ్మిదే పోయాయి. తొమ్మిది పొద్దులు, రెండేసి మాత్రలు.

ఆ రెండో స్ట్రిప్పు తిప్పి చూశాను. టెల్మిసార్టన్ 40, ఆమ్లోడిపిన్ 5, రెండూ కలిసిన మాత్ర.

"ఇది పాత బీపీ బిళ్ల నాయనా, ఇది మీరిచ్చిన కొత్తది. రెండూ పొద్దున్నే ఏస్తాండా" అంది.

"టెల్మిసార్టన్ ఆపమన్నారు కదమ్మా?"

"ఆ మాటే చెప్పినారు. ఆ పేరు బిళ్ల మా దగ్గర లేదే!"

నిజమే, ఆమె దగ్గర లేదు. షాపతను పిలిచే కంపెనీ పేరు, స్ట్రిప్పు రంగు, ఆమెకు తెలిసినవి ఆ రెండే. మా డిశ్చార్జి సమ్మరీలో రాసింది రసాయనం పేరు. చేరినప్పుడు ఎవరో ఆ జోడు మాత్రని విడదీసి రెండు మందులుగా రాశారు. పోయేటప్పుడు ఒకటి ఆపి రెండోది రాశారు. కాగితం మీద లెక్క సరిపోయింది. కానీ ఇంట్లో ఉన్నది ఒకే మాత్ర, దాన్ని సగం ఆపడం కుదరదు. ఆపిన టెల్మిసార్టన్ మళ్లీ లోపలికి పోయింది, ఆమ్లోడిపిన్ పదికి చేరింది. పాదాల వాపు ఆమ్లోడిపిన్ డోసు పెరిగితే వచ్చేదే. నీరు పోయే మాత్ర కూడా పడి ఉంటే ఆ బీపీ, ఆ కిడ్నీ ఏమయ్యేవో.

షుగర్ మాత్ర సంగతి ఇంకో తీరు. దాన్ని ఆమె పక్కాగా ఆపింది. కానీ ఆ సమ్మరీలో 'తాత్కాలికంగా ఆపాం' అని మాత్రమే ఉంది. ఎప్పటిదాకా, ఏ పరీక్ష చూశాక, ఎవరు చెబితే మొదలుపెట్టాలో లేదు. ఇన్సులిన్ వార్డుతోనే ఆగిపోయింది. తొమ్మిది రోజులు షుగర్‌కి ఏ మందూ లేదు. నాకు ఈ 'తాత్కాలికంగా' అనే మాటంటేనే భయం, దానికి తేదీ పక్కన లేకపోతే అది శాశ్వతమే.

ఆ రోజు డాక్టర్ జోడు మాత్ర ఆపించారు. ఆమ్లోడిపిన్ కూడా బీపీ కోలుకునే దాకా ఆపి, తర్వాత ఒక్క 5 మాత్రమే అన్నారు. షుగర్‌కి కిడ్నీని బట్టి వేరే మాత్ర రాశారు. నేను తెల్ల కాగితం మీద తెలుగులో రాసి ఇచ్చాను. ముందు స్ట్రిప్పు మీద ఉన్న కంపెనీ పేరు, దాని పక్కన లోపలున్న మందులు, ఆ పక్కన ఏం చేయాలో. మెట్‌ఫార్మిన్ ఎదురుగా 'వచ్చే బుధవారం క్రియాటినిన్ చూశాక డాక్టర్ చెబుతారు' అని. టెల్మిసార్టన్ ఎదురుగా కూడా అదే, ఇంకా 'మళ్లీ మొదలుపెడితే రెండు వారాల్లోపు పొటాషియం, క్రియాటినిన్ పరీక్ష' అని. ఆపిన స్ట్రిప్పులు వేరే కవర్లో వేసి పిన్ను కొట్టాను. పారేయమంటే పారేయరు, డబ్బు పెట్టి కొన్నవి కదా.

లేవబోతూ ఆమె, "అయిపోతే షాపులో ఏమని అడగాల నాయనా?" అంది. అది నాకు తట్టనే లేదు. ఆ షాపతని నంబరు ఆమె ఫోన్లో ఉంది, అక్కడి నుంచే చేశాను. పెద్దాయనకు ఆ జోడు మాత్ర ఇక ఇవ్వొద్దు, కిడ్నీకి ఇబ్బంది అయింది, డాక్టర్ ఆపారు అని చెప్పాను. అతను మంచివాడు, శ్రద్ధగా విన్నాడు, రాసుకున్నాడు కూడా.

"సరే సార్, అది ఇవ్వను. మరి దాంట్లోనే వేరే కంపెనీది ఇయ్యమంటారా?" అన్నాడు.

కుర్చీ మళ్లీ దగ్గరికి లాక్కుని, మొదటి నుంచీ చెప్పాను.