చదునులో పరుగు, ఎత్తులో ఆగుడు: నా స్కూటర్ హబ్ మోటర్ అనుభవం

నా ఎలక్ట్రిక్ స్కూటర్‌కు మొదట బిగించింది 1000 వాట్ల హబ్ మోటర్. గేర్లు లేవు, చక్రమే మోటర్. చదునైన రోడ్డు మీద గంటకు 45 కిలోమీటర్ల వేగంతో హాయిగా పోయేది. రెండు కిలోమీటర్ల పొడవున్న ఎత్తు రోడ్డు ఎక్కేసరికి మాత్రం సగం దారిలోనే ఈడ్చుకుంటూ ఆగిపోయింది. హబ్ మీద చెయ్యి పెట్టలేనంత వేడి. కాసేపు చల్లారనిస్తే మళ్లీ కదిలేది.

లెక్క మొదటినుంచీ వేశాను. నాతో కలిపి బండి బరువు 160 కిలోలు. రోడ్డు పది మీటర్లకు ఒక మీటరు లేస్తుంది, అంటే వెనక్కి లాగే బలం సుమారు 156 న్యూటన్లు. టైర్ల రోలింగ్ రెసిస్టెన్స్‌ను ఊహించకుండా కొలిచాను. నేను బండి మీద కూర్చుంటే, స్నేహితుడు చదునులో స్ప్రింగ్ త్రాసుతో మెల్లగా లాగాడు. టైర్లలో గాలి తగ్గినప్పుడు మూడున్నర కిలోలు చూపింది, సరిగ్గా నింపాక 2.4 కిలోలు. అంటే బరువులో 0.015 వంతు, దాదాపు 24 న్యూటన్లు.

రెండూ కలిపితే 180. చక్రం వ్యాసార్థం 0.2 మీటర్లు కాబట్టి చక్రం దగ్గర 36 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, కావాలి. నా మోటర్ ప్లేటు మీద 1000 వాట్లు, 600 ఆర్‌పీఎం అని ఉంది. ఆ వేగంలో దాని టార్క్ 16 మాత్రమే. రెండింతలకు పైగా టార్క్ అడిగితే కరెంటూ అంతే పెరుగుతుంది, మోటర్ తీగ చుట్టల్లో వేడి మాత్రం కరెంటు వర్గంతో పెరిగి అయిదింతలవుతుంది. నేను వాట్లు చూసి కొన్నాను, చూడాల్సింది టార్క్.

తర్వాత గేర్లున్న హబ్ వెతికాను. 1500 వాట్లు, 3000 ఆర్‌పీఎం, 5:1 గేరు ఉన్నది దొరికింది. గేర్లలో పది శాతం పోయాక చక్రం దగ్గర 21 దాకానే వస్తోంది, చాలదు. గేరు 9:1 చేస్తే 38 వస్తుంది, కానీ చదునులో వేగం గంటకు 25 కిలోమీటర్ల దగ్గరే ఆగుతుంది. ఇక్కడే చాలాసేపు ఆలోచించాను. చివరికి 2000 వాట్లు, 3000 ఆర్‌పీఎం, 6:1 తీసుకున్నాను. 34 న్యూటన్ మీటర్లు నిలకడగా వస్తాయి, మిగతా కొద్దిపాటి ఓవర్‌లోడ్‌ను అయిదు నిమిషాలు తట్టుకుంటుంది. చదునులో వేగం 38 కిలోమీటర్లకు తగ్గింది, దానికి ఒప్పుకున్నాను.

ఎత్తులో ఆగి మళ్లీ కదలాలంటే 50 న్యూటన్ మీటర్ల పైనే కావాలి, అది కొన్ని సెకన్లే కనుక ఫర్వాలేదు. అదే రెండు కిలోమీటర్లు గంటకు 25 కిలోమీటర్ల వేగంతో ఎక్కించి, దిగి చూశాను. ఈసారి హబ్ మీద చెయ్యి ఆనించి ఉంచగలిగాను.