ఊపిరి నెమ్మదించిన ఆ రాత్రి

కర్నూలులో హౌస్ సర్జన్‌గా చేస్తున్న రోజుల్లో ఒక రాత్రి ఆలూరు వైపు నుంచి పందొమ్మిదేళ్ల కుర్రాణ్ణి తీసుకొచ్చారు. చిన్నప్పటి నుంచి షుగర్, ఇన్సులిన్ మీదే ఉన్నాడు. "జ్వరమొచ్చి ఏమీ తిన్లేదు సారూ, అందుకని మూడు దినాలు సూది ఆపినాం" అంది వాళ్లమ్మ. తినకపోయినా ఇన్సులిన్ పూర్తిగా ఆపకూడదన్న మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మంచం దగ్గరికి వెళ్తుంటేనే మాగిన పండు వాసన వచ్చింది. వాడి ఆయాసం ఆస్తమాలా లేదు. పిల్లికూతలు లేవు, ఛాతీలో అడ్డంకి లేదు. నిమిషానికి 36 సార్లు, ప్రతిసారీ పొట్ట దాకా లోతుగా పీల్చి వదులుతున్నాడు. కుస్‌మాల్ అనే జర్మన్ డాక్టరు 1874లో వర్ణించిన ఊపిరి ఇదే.

ధమని రక్తంలో ఆమ్లాన్నీ వాయువులనూ కొలిచే ఏబీజీ పరీక్ష చూశాం. బైకార్బొనేట్ 8, కార్బన్ డయాక్సైడ్ 20, పీహెచ్ 7.22. మామూలు మనిషికి ఇవి 24, 40, 7.4 ఉంటాయి. ఇన్సులిన్ లేక పుట్టిన కీటో ఆమ్లాలను బైకార్బొనేట్ పట్టుకుంటూ తాను ఖర్చయిపోయింది.

H⁺ + HCO₃⁻ ⇌ H₂CO₃ ⇌ H₂O + CO₂

ఈ సమీకరణం కుడి చివర మూసుకుపోయి ఉంటే, ఆమ్లాన్ని పట్టుకునే ఈ బఫర్ త్వరగానే చేతులెత్తేస్తుంది. ఊపిరితిత్తులు ఆ చివరను తెరిచి ఉంచుతాయి. ఆమ్లం పెరిగిందని మెదడుకు తెలియగానే ఊపిరి జోరందుకుని కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి తోసేస్తుంది. పీహెచ్‌ను తేల్చేది బైకార్బొనేట్ ఒక్కటే కాదు, బైకార్బొనేట్‌కీ కార్బన్ డయాక్సైడ్‌కీ మధ్య నిష్పత్తి. ఇదే కుర్రాడు మామూలుగా ఊపిరి తీస్తూ కార్బన్ డయాక్సైడ్ 40 దగ్గరే ఉండి ఉంటే పీహెచ్ 6.92కి పడిపోయేది. 6.92కీ 7.22కీ మధ్య ఉన్న తేడా అంతా వాడి రొప్పు సంపాదించి పెట్టిందే.

సెలైన్, ఇన్సులిన్ మొదలుపెట్టాం. పొటాషియం 3.8 ఉంది. ఇన్సులిన్ పొటాషియాన్ని కణాల్లోకి లాగేస్తుంది కాబట్టి ఆ దశలోనే డ్రిప్‌లో కలపాలి. మూత్రం ఎంత వస్తుందో చూసి కలుపుదామని నేను ఆగాను. ఆ తర్వాత ఇంకో కేసు వచ్చింది. అది నా పొరపాటు.

రెండు గంటల తర్వాత వాళ్లమ్మే నన్ను పిలిచింది. "పిల్లోడు నెమ్మదించినాడు సారూ, చూడండి." ముఖంలో వెలుగుతో చెప్పింది. గడియారం పెట్టి నిండా ఒక నిమిషం లెక్కపెట్టాను. 22. నాకూ ప్రాణం కుదుటపడింది. కానీ ఛాతీ మునుపటిలా లేవడం లేదు. "తల ఎత్తు నాయనా" అంటే దిండు మీద నుంచి ఎత్తలేకపోయాడు.

రెండో ఏబీజీలో బైకార్బొనేట్ అదే 8. కార్బన్ డయాక్సైడ్ 30, పీహెచ్ 7.05. ముప్పై అంటే మామూలు కన్నా తక్కువే కదా అనిపిస్తుంది. అక్కడే మోసపోతాం. ఇలాంటప్పుడు కార్బన్ డయాక్సైడ్ ఎంత ఉండాలో తెలియాలంటే వింటర్స్ సూత్రం ప్రకారం బైకార్బొనేట్‌ను ఒకటిన్నరతో గుణించి 8 కలపాలి, అటూ ఇటూ 2 తేడా ఉండొచ్చు. వాడికి ఉండాల్సింది 20. ముప్పై ఉందంటే రోగం తగ్గలేదు, ఊపిరి అలిసిపోయింది. పొటాషియం 2.7కి దిగింది. ఊపిరి తీసే కండరాలే నీరసించాయి.

కంగారులో బైకార్బొనేట్ ఇంజెక్షన్ సిద్ధం చేశాను. సీనియర్ మేడమ్ వచ్చి చెయ్యి పట్టుకుని ఆపారు. "అది ఆమ్లంతో కలిస్తే మళ్లీ కార్బన్ డయాక్సైడే పుడుతుంది. దాన్ని వదిలే శక్తి వీడికి ఇప్పుడు ఎక్కడుంది? పైగా పొటాషియం ఇంకా దిగుతుంది" అన్నారు. ఇన్సులిన్ ఆపించి, ఐసీయూకి మార్చి, ఈసీజీ మానిటర్ చూస్తూ గంటకు 20 మిల్లీ ఈక్వివలెంట్ల చొప్పున పొటాషియం ఎక్కించారు. వెంటిలేటర్ పక్కనే సిద్ధంగా ఉంచారు. ట్యూబ్ వేయాల్సి వస్తే వెంటిలేటర్ వేగం మామూలుగా పెట్టినట్టు నిమిషానికి 14 పెట్టొద్దని, 30 దాకా పెట్టాలని నర్సుకు ముందే చెప్పారు. ఇలాంటి రోగికి మత్తిచ్చి మామూలు వేగంతో ఊపిరి ఇస్తే, వాడు ఇన్ని గంటలు కష్టపడి తోసేసిన కార్బన్ డయాక్సైడ్ నిమిషాల్లో పేరుకుని గుండె ఆగిపోవచ్చు.

ట్యూబ్ అవసరం రాలేదు. మూడు గంటలకు పొటాషియం 3.4కి వచ్చింది, ఇన్సులిన్ మళ్లీ మొదలైంది. వాడు మళ్లీ గట్టిగా రొప్పసాగాడు. వాళ్లమ్మ భయపడి ఏడ్చింది. ఏబీజీ చేతికొచ్చాక ఆమె పక్కన కూర్చుని చెప్పాను, "ఇప్పుడు ఈ ఆయాసమే వాణ్ణి కాపాడుతోందమ్మా" అని. బైకార్బొనేట్ 9, కార్బన్ డయాక్సైడ్ 22, పీహెచ్ 7.23.

మరుసటి సాయంత్రానికి బైకార్బొనేట్ 18, కార్బన్ డయాక్సైడ్ 35. సూత్రం చెప్పిన అంకె కూడా సరిగ్గా 35. నిమిషానికి 18 సార్లు ఊపిరి తీస్తూ, తానే తల ఎత్తి నీళ్లడిగాడు.