రెండో గొంతు

గొంతు చిక్కగా వినిపించాలని, రికార్డు చేసిన పాటనే మళ్లీ పాడి మొదటి ట్రాక్‌తో కలుపుతున్నాను. నాలుగోసారి పాడినా రెండూ సరిగ్గా కలవక, చరణం చివరి ‘స్’ రెండుసార్లు బుసకొట్టింది. విసుగొచ్చి మొదటి ట్రాక్‌నే కాపీ చేసి పక్కన పెట్టాను. శబ్దం పెరిగింది తప్ప గొంతు చిక్కబడలేదు. రెండూ అచ్చంగా ఒకటే మరి!

1966లో లండన్ అబ్బే రోడ్ స్టూడియోలో ఇంజినీరు కెన్ టౌన్‌సెండ్ చేసింది గుర్తొచ్చింది. బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్‌కు ఒకే పాట రెండుసార్లు పాడటం మహా చిరాకు. అందుకే ఆయన గొంతును రెండో టేపు యంత్రంలోంచి రవ్వంత ఆలస్యంగా తెచ్చి కలిపారు. ఆ యంత్రం వేగాన్ని చేత్తో కాస్త అటూ ఇటూ ఊగించేవారు. ఆ ఊగుడుకు శ్రుతి పిసరంత జారి, పక్కన మరొకరు పాడుతున్నట్టు ఉంటుంది.

నేనూ కాపీని 15 మిల్లీసెకన్లు వెనక్కి జరిపాను. ఈ ఆలస్యం ఆ టేపులా ఊగదు కదా, రేకు డబ్బాలో పాడినట్టుంది.

ఐదోసారి పాడాను. ఈసారి ఆ చివరి ‘స్’ మింగేశాను. మొదటి ట్రాక్‌లో ఉన్నది చాలు.